రెండో బాణం

  

ఈసారి మనం మాట్లాడుకోబోయేది ఇంటి సంగతి. బయట మనకు జరిగిన అవమానాల గురించి సభల్లో గొంతెత్తి మాట్లాడతాం. ఇంట్లో జరిగిన దాని గురించి మాత్రం నోరు విప్పం. అమ్మ నాకంటే తమ్ముణ్ణే ఎక్కువ చూసిందనీ, నాన్నకు అన్నయ్యంటేనే ప్రాణమనీ నలభై ఏళ్లు దాటాక చెప్పుకోవడానికి సిగ్గేస్తుంది. "ఇంత వయసొచ్చి ఇంకా అదేనా?" అంటారని భయం. కానీ ఆ బాధ ఉంది. పండక్కో పెళ్లికో అందరం కలిసినప్పుడు ఎవరో ఒకరి చిన్న మాటతో లేచి కూర్చుంటుంది.

భగవాన్ బుద్ధుడు దీనికి ఒక మాట వాడాడు. సంయుక్త నికాయంలో సల్లత్థ సుత్తం అని ఒకటుంది. సల్లం అంటే బాణం. ధమ్మం ఎరగని మనిషికి ఒక బాణం తగలగానే, దాని వెంటే రెండోది కూడా తగులుతుందంటాడు. మొదటిది ఒంటికి తగిలిన నొప్పి. రెండోది ఆ నొప్పి మీద పెట్టుకునే శోకం, కోపం. అక్కడే ఇంకో సంగతి కూడా చెప్పాడు. నొప్పిని ఎదిరించి కోప్పడేవాడిలో ద్వేషం అనుశయంగా ఉండిపోతుందన్నాడు. అనుశయం అంటే లోపల నిద్రపోతూ ఉండేది. పోయిందని మనం అనుకుంటాం. అది పోలేదు, పడుకుంది. తగిన చప్పుడు వినబడితే లేస్తుంది.

చిన్ననాటి గాయం సరిగ్గా ఇలాంటిదే. దాన్ని ఎలా గుర్తుపట్టాలి, లేచినప్పుడు ఏం చేయాలి అన్నది ఒక అక్క కథతో చెప్పుకుందాం. ఆమె పేరు, ఊరు చెప్పను. పల్నాడు మిరప పొలాల వైపు మనిషి అంటే చాలు.

ఒక అక్క సంగతి

ఆమెకు నలభై మూడేళ్లు. అంగన్‌వాడీలో ఆయాగా చేస్తుంది. రెండేళ్లు చిన్నవాడైన తమ్ముడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాడు. తండ్రి పోయాడు. తల్లి కూతురి దగ్గరే ఉంటుంది. బీపీ, షుగరు ఉన్నాయి. మాత్రలు తేవడం, నెలకోసారి ఆసుపత్రికి తీసుకెళ్లడం, కాళ్ల వాపుకు రాత్రిళ్లు కాపడం పెట్టడం అన్నీ ఈమే. తమ్ముడు ఏడాదికి రెండుసార్లు వస్తాడు. వాడొచ్చిన రోజు తల్లి ముఖం వెలిగిపోతుంది, నాటుకోడి కోయిస్తుంది. "బిడ్డ చిక్కిపోయాడే" అంటూ పక్కనే కూర్చుని వడ్డిస్తుంది.

తల్లికి ప్రభుత్వం నెలకు 4,000 రూపాయల వృద్ధాప్య పింఛను ఇస్తుంది. అందులోంచి కొంత కొంత దాచింది. ఒకరోజు కొంగుముడి విప్పి 20,000 రూపాయలు తమ్ముడి చేతిలో పెట్టింది. మనవడు బండి కొనుక్కుంటాడట. అదే నెలలో అక్క తన కూతురి నర్సింగు ఫీజుకు వడ్డీకి అప్పు తెచ్చింది. ఆ సంగతి తల్లికి తెలుసు.

అక్క ఆ పూట నోరెత్తలేదు. నాలుగు రాత్రులు నిద్రపోలేదు. ఐదో రోజు మాత్రలివ్వడానికి వెళ్లి గ్లాసు ఠక్కున పెట్టి "నీ కొడుకుని పిలిపించుకో, వాడే ఇస్తాడు" అంది. తల్లి బిత్తరపోయింది. అక్క బయటకొచ్చి ఏడ్చింది.

ధమ్మ సమావేశానికి వచ్చినప్పుడు ఆమె ఇదంతా చెప్పింది. చెబుతూ చెబుతూ 20,000 రూపాయలు వదిలేసి గుడ్డు దగ్గరకు పోయింది. ఇంట్లో కోడి గుడ్డు పెడితే అది తమ్ముడికే. తనకు పల్చటి చారు. ఆ తర్వాత పదో తరగతి దగ్గరకు వచ్చింది. తను ఒకేసారి పాసైంది, తమ్ముడు ఒకసారి తప్పాడు. అయినా ఇంటరుకు బస్సెక్కింది తమ్ముడే. తను మిరపకోతలకు వెళ్లింది. "కారం మంటకి చేతులు రాత్రంతా మండేవి. వాడు లాంతరు దగ్గర పుస్తకం పెట్టుకుని నిద్రపోయేవాడు. వాడు పడుకున్నాడని అమ్మ లాంతరు తగ్గించేది. నా చేతుల సంగతి అడిగేది కాదు."

వింటున్నారుగా! ఆమెను నాలుగు రాత్రులు నిద్రపోనివ్వనిది బండి డబ్బులు ఒక్కటే కాదు. ఆ చేతుల మంట.

ఇది ఇవ్వాళ్టిదా, అప్పటిదా?

మొదట చేయాల్సింది కోపాన్ని అణచడం కాదు, వేరు చేసుకోవడం. లేచిన బాధలో ఇవ్వాళ్టి వాటా ఎంత, అప్పటి వాటా ఎంత? ఇది తెలుసుకోవడానికి మూడు గుర్తులున్నాయి.

మొదటిది కొలత. జరిగినదానికి, మనలో లేచినదానికి పొంతన ఉండదు. తల్లి డబ్బు ఇవ్వడం బాధే, కానీ దానికి నాలుగు రాత్రుల నిద్ర పోవాల్సిన పని లేదు. మిగతా మూడు రాత్రులు ఎక్కడివో చూసుకోవాలి.

రెండోది మాట. లోపల తిరిగే మాటల్లో "ఎప్పుడూ", "ఏనాడూ", "ఒక్కసారైనా" అనేవి వస్తుంటే అది పాత ఖాతా. ఇవ్వాళ్టి బాధకు తేదీ ఉంటుంది. పాత బాధ "ఎప్పుడూ ఇంతే" అంటుంది.

మూడోది ఒళ్లు. గొంతు పట్టేస్తుంది, నలభై మూడేళ్ల మనిషి పదేళ్ల పిల్లలాగా మూలకు పోయి ఏడవాలనిపిస్తుంది. మాట్లాడుతున్నది ఏ వయసు మనిషో ఒళ్లే చెబుతుంది.

సతి అంటే ఎరుక. ఈ మూడు గుర్తుల్లో ఏది కనిపించినా ఆ నిమిషంలో చేయాల్సింది ఒకటే. మాట్లాడకుండా కూర్చుని ఊపిరి గమనించాలి. "ఇది బాధ. గుండె దగ్గర బిగిసింది. ఇందులో పాతది ఉంది" అని లోపల అనుకోవాలి. బాధ లేదని బుకాయించనక్కర్లేదు. మొదటి బాణం ధమ్మం తెలిసినవాడికీ తగులుతుందనే సుత్తం చెబుతోంది. వాడు రెండోదాన్ని వేసుకోడు, అంతే తేడా.

రెండో బాణం ఎలా ఉంటుందో అక్క మాటల్లోనే చూడండి. "అమ్మ నన్నసలు కనలేదనుకుంది. నేను పనిమనిషిని. నా బతుకింతే." డబ్బు ఇవ్వడం జరిగింది. మిగతా మూడు వాక్యాలు ఆమె రాత్రిళ్లు తయారుచేసుకున్నవి. వాటిని ఆమె మళ్లీ మళ్లీ అనుకున్నకొద్దీ గుచ్చుకున్నాయి.

పూర్వజన్మ మాట వద్దు

ఇక్కడ మనవాళ్లకు ఒక జాగ్రత్త చెప్పాలి. ఇలాంటి బాధ చెప్పుకుంటే పాత అలవాటున ఎవరో ఒకరు "పోయిన జన్మలో ఏం చేశావో, అందుకే తల్లి ప్రేమకు నోచుకోలేదు" అంటారు. ఆ మాట నమ్మొద్దు. మనిషి ఇవ్వాళ్టి దుస్థితికి పూర్వజన్మ పాపమే కారణమనే వాదాన్ని బాబాసాహెబ్ అంబేడ్కర్ 'బుద్ధుడు, ఆయన ధమ్మం' గ్రంథంలో తోసిపుచ్చారు. ఆ మాట అన్యాయం చేసినవాణ్ణి తప్పించి, అనుభవించినవాడి నెత్తిన పెడుతుంది. మనల్ని ఊరి బయట ఉంచినప్పుడు చెప్పిన మాటా అదే కదా!

మరి కారణాలు ఏవి? కళ్లతో చూడగలిగినవే. ఇంట్లో ఉన్నది ఒక్క గుడ్డు. బస్సు చార్జీ ఒక్కరికే వస్తుంది. ఎవరికి పెట్టాలని ఆలోచించినప్పుడు, కొడుకు ముసలితనంలో చూస్తాడు, కూతురు ఇంకో ఇంటికి పోతుంది అని ఊరంతా నమ్మే లెక్క. ఆ లెక్క తల్లి కనిపెట్టింది కాదు. ఆమెకు కూడా ఎవరూ గుడ్డు పెట్టలేదు.

ధనంజయ్ కీర్ రాసిన బాబాసాహెబ్ జీవిత చరిత్రలో ఒక సంగతి ఉంది. భీమ్‌రావుకు పుస్తకాలు కొనడానికి డబ్బులేనప్పుడు తండ్రి రాంజీ, పెళ్లయిన కూతుళ్ల దగ్గరకు వెళ్లేవాడు. చేబదులు దొరక్కపోతే వాళ్ల నగ తెచ్చి కుదువపెట్టేవాడు. ఆ పుస్తకాలతోనే మనకు బాబాసాహెబ్ దక్కారు. అయినా ఆ పుస్తకాల వెనక ఆ అక్కల నగ ఉంది. ఒక బిడ్డ పైకి రావడంలో ఇంకో బిడ్డ ఇచ్చినది ఉంటుందని ఒప్పుకోవడం తల్లిదండ్రులను నిందించడం కాదు. లెక్క సరిగ్గా చెప్పడం.

కారణం తెలిస్తే అన్యాయం న్యాయమైపోదు. అక్కకు జరిగింది అన్యాయమే. కానీ "నేను ప్రేమకు తగనిదాన్ని" అనే వాక్యం మాత్రం అబద్ధమని తేలిపోతుంది. ఆమెలో లోపం ఉండి గుడ్డు రాకపోవడం కాదు, గుడ్డు ఒకటే ఉండి, లెక్క వంకరగా ఉండి రాలేదు.

ఇంకో సంగతి కూడా గమనించాలి. పక్కన ఉన్న బిడ్డ కనబడదు, దూరంగా ఉన్న బిడ్డే కనబడతాడు. రోజూ అన్నం పెట్టే చేయి ముసలి తల్లికి గాలిలాంటిది. ఏడాదికి రెండుసార్లు వచ్చేవాడు పండగ. ఆమె కోడి కోయించేది వాడు వెళ్లిపోతాడన్న బెంగతో. నువ్వు వెళ్లవని ఆమెకు ఎంత నమ్మకమో! ఆ నమ్మకం మనకు నిర్లక్ష్యంలా కనిపిస్తుంది.

రెండు బాకీలు, రెండు దారులు

ఇప్పుడు అసలు మాట. పాత గాయానికి కావలసింది ఓదార్పు. నేటి అన్యాయానికి కావలసింది సూటి మాట. రెండూ కలిపి ఒకే బిల్లు వేసి తల్లి ముందు పెడితే రెండూ వసూలు కావు.

అక్క మొదట అదే చేసింది. గ్లాసు ఠక్కున పెట్టిన రోజు సాయంత్రం తల్లిని నిలదీసింది. "చిన్నప్పుడు గుడ్డు వాడికే పెట్టావు, చదువు వాడికే చెప్పించావు, ఇప్పుడు డబ్బూ వాడికేనా?" తల్లి ఏమందో తెలుసా? "ఏ గుడ్డే? ఎప్పటి మాట ఇది?" నిజంగానే ఆమెకు గుర్తులేదు. పెట్టిన చేతికి గుర్తుండదు, అందని నోటికి గుర్తుంటుంది. పాత అన్యాయానికి డెబ్బై ఏళ్ల తల్లి నోటి నుంచి ఒప్పుకోలు వస్తేనే నా మనసు కుదుటపడుతుందని కూర్చుంటే, మన మనశ్శాంతి తాళం ఆమె మతిమరుపు చేతిలో పెట్టినట్టే.

పాత గాయాన్ని ఇంకో చోట విప్పాలి. నమ్మకమైన స్నేహితురాలు, కల్యాణమిత్రుడు, ధమ్మ సమావేశం. ఒక్కసారైనా మొత్తం, ఎవరూ మధ్యలో "పోన్లే, అమ్మేగా" అనకుండా చెప్పుకోవాలి. తర్వాత మెత్త భావన. మెత్త అంటే మైత్రి. ఇది చేసేటప్పుడు చాలామంది నేరుగా తమను బాధపెట్టినవారితో మొదలుపెట్టి, కుదరక, నాలో మైత్రి లేదు అనుకుని మానేస్తారు. విశుద్ధిమగ్గంలో చెప్పిన వరస వేరు. ముందు తనకు తాను. తర్వాత గౌరవించే గురువు, ఇష్టమైన స్నేహితుడు. ఆ తర్వాత ముక్కూమొహం తెలియని మనిషి. చివరికే మనసుకు ముల్లులా గుచ్చుకునేవారు. అక్క మొదటి నెలంతా మొదటి మెట్టు మీదే ఉంది. కళ్లు మూసుకుని, మండే చేతులతో పడుకున్న ఆ పదహారేళ్ల పిల్లను తలచుకుని "నువ్వు సుఖంగా ఉండు" అనుకునేది. తల్లి వరస చాలా ఆలస్యంగా వచ్చింది. తొందరేం లేదు.

నేటి బాకీకి మాట కావాలి. మంచి మాటకు బుద్ధుడు ఐదు లక్షణాలు చెప్పాడు: సమయానికి అనాలి, నిజం అనాలి, మృదువుగా అనాలి, మేలు చేసేది అనాలి, మైత్రితో అనాలి. ఈ ఐదూ అక్క ఎలా వాడిందో చూడండి. తమ్ముడు ఇంట్లో ఉన్నప్పుడు కాదు, కోడికూర తింటున్నప్పుడు కాదు, ఒక ఉదయం తల్లి కాళ్లకు నూనె రాస్తూ అడిగింది.

"అమ్మా, నీ డబ్బు నీ ఇష్టం. ఎవరికిచ్చినా నేను అడగను. కానీ నేను వడ్డీకి తెచ్చిన నెలలోనే ఇచ్చావు చూడు, అది నాకు కష్టమనిపించింది. ఇక నుంచి నీ మాత్రలకీ ఆసుపత్రికీ పింఛను నుంచి నెలకు 1,500 నాకివ్వు. మిగతాది నీది."

ఇందులో "ఎప్పుడూ" లేదు, గుడ్డు లేదు, తమ్ముడి పేరు లేదు. తేదీ ఉన్న బాధ, లెక్క ఉన్న కోరిక. తల్లి కాసేపు మాట్లాడలేదు. "నీకేం తక్కువే, గట్టిదానివి గదా అనుకున్నా" అంది. క్షమాపణ అడగలేదు. కానీ వచ్చే ఒకటో తారీకున 1,500 ఇచ్చింది.

తమ్ముడికి ఫోను చేసి విడిగా చెప్పింది. "తమ్ముడూ, అమ్మని మూడు నెలలకోసారి పెద్ద డాక్టరుకి చూపించే పని నీది. సెలవు పెట్టుకుని రా." వాడు ఆశ్చర్యపోయాడు. "నువ్వు చెప్పలేదేంటక్కా ఇన్నాళ్లూ? అన్నీ నువ్వే చూసుకుంటున్నావు గదా అని..." అన్నాడు. గుడ్డు తిన్నవాడు దొంగ కాదు. ఆరేళ్లప్పుడు పెట్టింది తిన్నాడు. కానీ నలభై ఏళ్లప్పుడు బాధ్యత పంచుకోకపోతే అది మాత్రం వాడి లెక్కే.

ఆస్తి మాట వచ్చినప్పుడు

ఇల్లూ స్థలం పంపకం దగ్గర ఈ గాయం ఎక్కువగా చెడుతుంది. ఇక్కడ రెండు రకాల పొరపాట్లు జరుగుతాయి. కొందరు గుడ్డు కోపంతో కోర్టుకెక్కుతారు. ఇంకొందరు "నేను ధమ్మంలో ఉన్నాను, నాకేమీ వద్దు" అని హక్కు వదిలేసి, లోపల జీవితాంతం మండుతారు. రెండూ వద్దు.

సిగాలోవాద సుత్తంలో తల్లిదండ్రులు బిడ్డలకు చేయాల్సినవి ఐదు చెప్పాడు భగవాన్. అందులో చివరిది, తగిన సమయంలో వారసత్వం అప్పగించడం. అంటే వాటా అడగడం ధమ్మానికి విరుద్ధం కాదు. చట్టం సంగతి కూడా తెలుసుకోండి. 1956 హిందూ వారసత్వ చట్టం పేరుకు హిందూ అయినా బౌద్ధులకూ వర్తిస్తుంది. తండ్రి వీలునామా లేకుండా పోతే, ఆయన సొంత ఆస్తిలో భార్యకు, కొడుక్కి, కూతురికి సమాన వాటా. వీలునామా రాసి ఉంటే సొంతంగా సంపాదించినది ఆయన ఇష్టం. తల్లి తన వాటా మాత్రమే ఇవ్వగలదు, కూతురి వాటా ఇవ్వలేదు. అందుకని ముందు పట్టా ఎవరి పేరున ఉందో చూడండి. ప్రభుత్వం ఇచ్చిన ఇంటి స్థలమైతే షరతులుంటాయి, తహశీల్దారు కార్యాలయంలో అడగండి.

అడిగేటప్పుడు ఒక పరీక్ష పెట్టుకోండి. "ఈ వాటా వచ్చాక నా చిన్ననాటి బాధ పోతుంది" అనిపిస్తే ఆగండి. స్థలం స్థలమే, అది గుడ్డుకు బదులు కాదు. బాధ పోతుందన్న ఆశ లేకుండా కూడా అది నా హక్కు అని అనిపిస్తే, నిదానంగా అడగండి.

ఎక్కడ ఆగాలి

చెప్పినదంతా అన్ని ఇళ్లకూ సరిపోదు. తక్కువ చూడటం వేరు, కొట్టి హింసించడం, అసలు బిడ్డగానే చూడకపోవడం వేరు. అలాంటి ఇంట్లో పెరిగినవాళ్లు దూరంగా ఉండి మైత్రి చేయొచ్చు. ఉపేక్ష కూడా ధమ్మమే. రోజూ వెళ్లి గాయం కెలుక్కోనక్కర్లేదు. నిద్ర, ఆకలి పోయి రెండు వారాలు దాటినా, చచ్చిపోవాలనిపించినా అది ధ్యానంతో సర్దుకునేది కాదు. డాక్టరుకు చూపించుకోవాలి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు తీసుకోరు.

సేవ చేస్తున్నవాళ్లు ఒక గుర్తు చూసుకోండి. మాత్ర ఇచ్చిన ప్రతిసారీ మనసులో "తమ్ముడివ్వలేదు, నేనిచ్చాను" అని గీత గీస్తున్నారా? అయితే పడుకున్నది మళ్లీ లేస్తోంది. ఆ రోజు పని తగ్గించుకుని, కూర్చుని ఊపిరి చూసుకోండి, లేదా పని పంచమని అడగండి. కోపంతో చేసిన సేవ తల్లికీ చేదుగానే అందుతుంది.

చివరిగా మన పిల్లల సంగతి. అక్కకు ఒక కూతురు, ఒక కొడుకు. ఈమధ్య కొడుకు కంచంలో రెండో గుడ్డు వేయబోయి చేయి ఆపింది. కూతురు చూస్తోంది. సగం కోసి ఇద్దరికీ వేసింది. తనకు దక్కనిదాన్ని తన ఇంట్లో ఇద్దరికీ పంచి పెట్టింది. తల్లి ఆ పక్కనే కూర్చుని చూసింది, ఏమీ అనలేదు.

అందరూ సుఖంగా ఉందురు గాక. భవతు సబ్బ మంగళం. జై భీమ్.